అన్ని డెరివేటివ్‌లూ సున్నా, ఫంక్షన్ మాత్రం సున్నా కాదు!

ప్రశ్న: నేను బీఎస్సీ మ్యాథ్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. క్లాసులో f(x) = e^(−1/x²), f(0) = 0 అనే ఫంక్షన్ ఇచ్చి, 0 దగ్గర దీని టేలర్ సిరీస్ మొత్తం సున్నా అని చెప్పారు. సిరీస్ ప్రతి x దగ్గరా కన్వర్జ్ అవుతుందట, కానీ ఫంక్షన్‌కి సమానం కాదట. నాకు ఇది మింగుడుపడటం లేదు. ఒక బిందువు దగ్గర వేగం సున్నా, త్వరణం సున్నా, ఆ పైవన్నీ సున్నా అయితే ఫంక్షన్ అసలు ఎలా కదులుతుంది? కాలిక్యులేటర్‌లో x = 0.03 వేసి చూశాను, 0 అనే వచ్చింది. పైగా e^u సిరీస్‌లో u = −1/x² పెడితే సరైన సిరీస్ వస్తోంది కదా, మరి అది టేలర్ సిరీస్ కాదా? ఎక్కడ తప్పు చేస్తున్నాను?

సమాధానం: ముందు మాటల సంగతి. మా రోజుల్లో ప్రమేయం, అవకలజం, శ్రేణి అని రాసేవాళ్లం. మీరు ఫంక్షన్, డెరివేటివ్, సిరీస్ అన్నారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను.

మీ మూడు అనుమానాల్లో తేలిగ్గా తేలిపోయేది కాలిక్యులేటర్‌ది. అది చూపించిన 0 నిజం కాదు. అంత చిన్న సంఖ్యను రాసుకునే చోటు దానికి లేదు, అంతే. కంప్యూటర్ ఉంటే ఈ నాలుగు ముక్కలు వేసి చూడండి:

```
from math import exp
for x in (1, 0.5, 0.2, 0.1, 0.04, 0.03):
    print(x, exp(-1/x**2))
```

1 దగ్గర 0.368, 0.5 దగ్గర 0.0183 వస్తాయి. ఇంతవరకూ మామూలే. 0.2 దగ్గరకి వచ్చేసరికి 1.4 × 10⁻¹¹. 0.1 దగ్గర 3.7 × 10⁻⁴⁴. 0.04 దగ్గర దాదాపు 10⁻²⁷². 0.03 దగ్గర మాత్రం స్క్రీన్ మీద 0.0 పడుతుంది. అక్కడ అసలు విలువ e^(−1111), అంటే దశాంశ బిందువు తర్వాత 480కి పైగా సున్నాలు దాటాక వచ్చే అంకె. మామూలు కంప్యూటర్ సంఖ్యలు 10⁻³²³ దాకా వెళ్లి ఆగిపోతాయి. గ్రాఫ్‌లోనూ ఇదే కథ. −0.2 నుంచి 0.2 దాకా గీత నేల మీద పడుకున్నట్టే కనిపిస్తుంది, కానీ పడుకుని ఉండదు. x సున్నా కానంతవరకూ e^(ఏదైనా) ధనాత్మకమే. ఈ ఒక్క మాటతో సగం పని అయిపోయింది: టేలర్ సిరీస్ మొత్తం 0, ఫంక్షన్ మాత్రం x = 0 దగ్గర తప్ప ఎక్కడా 0 కాదు. రెండూ కలిసేది ఆ ఒక్క బిందువు దగ్గరే.

ఇక డెరివేటివ్‌లు నిజంగా సున్నాయేనా అన్నది. ఇక్కడ చాలామంది x ≠ 0 కోసం f′(x) = (2/x³)·e^(−1/x²) అని సూత్రం రాసుకుని, అందులో x = 0 పెట్టబోయి ఇరుక్కుంటారు. పెట్టలేరు, ఎందుకంటే 0 దగ్గర ఫంక్షన్‌ని ఇచ్చింది ఆ సూత్రం కాదు, f(0) = 0 అనే విడి వాక్యం. కాబట్టి 0 దగ్గర డెరివేటివ్‌ని నిర్వచనం నుంచే తీయాలి:

f′(0) = lim [f(h) − f(0)]/h = lim e^(−1/h²)/h, h → 0.

ఇక్కడ 1/h = t అనుకోండి. h సున్నాకి చేరుతుంటే |t| అనంతానికి పోతుంది. మనకి కావలసింది t/e^(t²) ఏమవుతుందన్నది. e^(t²) అనేది t² కన్నా పెద్దదని అందరికీ తెలుసు (e^u సిరీస్‌లో మొదటి రెండు పదాలే 1 + u, మిగతావన్నీ ధనాత్మకం). కాబట్టి |t|/e^(t²) అనేది 1/|t| కన్నా చిన్నది, అంటే |h| కన్నా చిన్నది. h సున్నాకి పోతే అదీ పోతుంది. f′(0) = 0. లోపిటాల్ రూల్ అక్కర్లేకుండానే అయిపోయింది. నిజానికి ఇక్కడ e^(−1/h²)/h రూపంలోనే లోపిటాల్ వాడితే లెక్క తగ్గకపోగా పెరుగుతుంది. t లోకి మార్చాకే చేతికి అందుతుంది.

రెండో డెరివేటివ్‌కి x ≠ 0 అయినప్పుడు (4/x⁶ − 6/x⁴)·e^(−1/x²) వస్తుంది. మూడోది, నాలుగోది తీసినా రూపం ఇదే: ముందు 1/x లో ఒక పాలినామియల్, వెనక అదే e^(−1/x²). డిఫరెన్షియేట్ చేసిన ప్రతిసారీ ఆ పాలినామియల్ డిగ్రీ 3 చొప్పున పెరుగుతుంది, అంతకు మించి ఏమీ మారదు. ఇండక్షన్‌లో రాయవలసిన వాక్యం ఇదే. ఆ పైన 0 దగ్గర n+1వ డెరివేటివ్ కావాలంటే nవ డెరివేటివ్‌ని h తో భాగించి అవధి తీయాలి. అది t·P(t)/e^(t²) అవుతుంది. పైన ఏ పాలినామియల్ ఉన్నా కింద ఉన్న e^(t²) దాన్ని మింగేస్తుంది. కాబట్టి అన్నీ సున్నాలే. మీ సార్ చెప్పింది అక్షరాలా నిజం.

ఇప్పుడు మీ అసలు బాధకి వద్దాం. "అన్నీ సున్నా అయితే ఎలా కదులుతుంది?" ఈ ప్రశ్న వెనక ఒక నమ్మకం దాగి ఉంది. 0 దగ్గర ఉన్న డెరివేటివ్‌లు ఫంక్షన్‌కి ఆజ్ఞాపత్రాల లాంటివనీ, అక్కడ రాసిపెట్టి ఉన్నదాన్ని బట్టే అది ముందుకి నడుస్తుందనీ మీరు అనుకుంటున్నారు. బస్సు కదలాలంటే ఆ క్షణంలో ఏదో ఒకటి సున్నా కాకుండా ఉండాలని. కానీ 0 దగ్గర డెరివేటివ్‌లు చెప్పేది పోలిక మాత్రమే. f(x) ని x తో, x² తో, x³ తో పోల్చి చూస్తే 0 దగ్గరికి వచ్చేకొద్దీ ఎవరు చిన్నవాళ్లు అన్నదే అవి చెబుతాయి. మన ఫంక్షన్‌కి అన్ని డెరివేటివ్‌లూ సున్నా అంటే అర్థం, f(x) ని ఏ xⁿ తో భాగించినా 0 దగ్గర ఆ భాగఫలం సున్నాకి పోతుందని. అంటే ఏ పవర్ కన్నా కూడా ఇది చిన్నది. కూరగాయల బండి తక్కెడలో వెంట్రుక వేస్తే ముల్లు కదలదు. వెంట్రుకకి బరువు లేక కాదు, అక్కడున్న రాళ్లన్నీ దానికన్నా పెద్దవి కావడం వల్ల.

అయితే ఈ "చిన్నది" అన్న మాటలో మెలిక ఉంది. అంకెలతో చూస్తేనే తెలుస్తుంది. f(x) ని x¹⁰ తో పోల్చండి. x = 0.5 దగ్గర f దాదాపు 0.018, x¹⁰ దాదాపు 0.001. f యే పెద్దది! 0.2 దగ్గరకి వచ్చేసరికి f 10⁻¹¹ స్థాయికి పడిపోయింది, x¹⁰ ఇంకా 10⁻⁷ దగ్గరే ఉంది. ఈ తారుమారు 0.28 ప్రాంతంలో జరుగుతుంది. ఇప్పుడు x¹⁰⁰ తో పోల్చండి. x = 0.1 దగ్గర x¹⁰⁰ అంటే 10⁻¹⁰⁰, f మాత్రం 10⁻⁴⁴ చిల్లర. మళ్లీ f యే చాలా పెద్దది. 0.04 దగ్గరకి వెళ్తే x¹⁰⁰ విలువ 10⁻¹⁴⁰ దగ్గరుంటుంది, f అప్పటికే 10⁻²⁷². ఈసారి తారుమారు 0.06 కి కాస్త లోపల జరిగింది. n పెరిగేకొద్దీ f ఓడిపోయే ప్రాంతం 0 చుట్టూ ఇరుకవుతూ పోతుంది. ఒక్కొక్క n కీ ఒక ప్రాంతం ఉంది. అన్ని n లకీ కలిపి పనికొచ్చే ప్రాంతం ఒక్కటీ లేదు. 0 దగ్గర డెరివేటివ్ ఒక్కొక్కటి చూసుకునేది తన సొంత ప్రాంతాన్నే. అందుకే అన్నీ కలిసి కూడా పక్కనున్న 0.1 గురించి ఏ హామీ ఇవ్వలేవు.

మరి టేలర్ సిద్ధాంతం? అది అబద్ధం చెప్పలేదు. మనం దాన్ని సగమే చదువుతాం. పూర్తి వాక్యం ఇది: f(x) = (n డిగ్రీ వరకు టేలర్ పాలినామియల్) + (మిగిలింది). ఆ మిగిలిన ముక్క f⁽ⁿ⁺¹⁾(c)·xⁿ⁺¹/(n+1)! అని, c అనేది 0కీ x కీ మధ్య ఎక్కడో ఉంటుందని లాగ్రాంజ్ రూపం చెబుతుంది. n పెరిగేకొద్దీ ఈ ముక్క సున్నాకి పోతేనే సిరీస్ ఫంక్షన్‌కి చేరుతుంది. సిరీస్ కన్వర్జ్ అవడం ఒక ప్రశ్న, దేనికి కన్వర్జ్ అవుతుందన్నది ఇంకో ప్రశ్న. రేడియస్ ఆఫ్ కన్వర్జెన్స్ లెక్కకట్టగానే మొదటిది తేలుతుంది. రెండోదాని గురించి అది నోరు విప్పదు. (మన సిరీస్‌లో గుణకాలన్నీ సున్నాలే కాబట్టి రేషియో టెస్ట్ కూడా 0/0 అయి కూర్చుంటుంది. దాని అవసరమూ లేదు, సున్నాలు కూడితే సున్నా.)

మన f కి పాలినామియల్ ఎప్పుడూ 0. కాబట్టి మిగిలిన ముక్క అంటే f(x) మొత్తమే, n = 1 అయినా, n = 1000 అయినా. x = 0.5 తీసుకోండి. మిగిలింది ఎప్పుడూ 0.0183. ఇందులోంచి ఒక వింత బయటికొస్తుంది. n+1 = 10 పెడితే,

f⁽¹⁰⁾(c) = 0.0183 × 10! × 2¹⁰

అని రావాలి. 10! అంటే 36,28,800. 2¹⁰ అంటే 1024. గుణిస్తే దాదాపు 6.8 కోట్లు. అంటే 0కీ 0.5కీ మధ్య ఎక్కడో ఒకచోట ఈ ఫంక్షన్ పదో డెరివేటివ్ 6.8 కోట్లు అయి తీరాలి. ఇరవయ్యో డెరివేటివ్‌కైతే 23 అంకెల సంఖ్య వస్తుంది. సరిగ్గా 0 దగ్గర ప్రతి డెరివేటివూ సున్నా, అర అంగుళం పక్కన కోట్లు! మీరడిగిన "ఎలా కదులుతుంది" అన్నదానికి జవాబు ఇక్కడుంది. కదలిక 0 దగ్గర లేదు, పక్కనే ఉంది. ఎంత పై డెరివేటివ్ తీసుకుంటే అంత భారీగా ఉంది. దీన్ని e^x తో పోల్చండి. x = 0.5 దగ్గర పదో డెరివేటివ్ వచ్చే ముక్క 1.65/(1024 × 36,28,800) కన్నా మించదు, అంటే 10⁻⁹ లోపే. e^x కి ఏ డెరివేటివ్ తీసినా మళ్లీ e^x యే వస్తుంది, అది పెరగదు. కింద (n+1)! మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అందుకే అక్కడ సిరీస్ ఫంక్షన్‌కి చేరుతుంది. మన f కి పైన డెరివేటివ్‌లు ఫాక్టోరియల్‌తో పోటీపడి దాన్ని నిలబెట్టేస్తున్నాయి.

ఇప్పుడు మూడో అనుమానం. e^u లో u = −1/x² పెట్టి 1 − 1/x² + 1/(2x⁴) − 1/(6x⁶) + … అని రాయడం తప్పు కాదు. x = 0.5 దగ్గర అది 1 − 4 + 8 − 10.67 + 10.67 − 8.53 + … అని కాసేపు ఊగిసలాడి చివరికి 0.0183 కే చేరుతుంది. x సున్నా కానిచోట అన్నిటా ఇది f కి సమానమే. కానీ టేలర్ సిరీస్‌లో x, x², x³ ఉండాలి, 1/x² ఉండకూడదు. ఋణ ఘాతాలతో ఉన్న ఇలాంటిదాన్ని లోరాన్ సిరీస్ అంటారు, కాంప్లెక్స్ అనాలిసిస్ పేపర్‌లో మీకు ఎదురవుతుంది. ఇది 0 దగ్గర ఏమీ చెప్పదు, అక్కడ ప్రతి పదమూ పేలిపోతుంది. సరదాకి x = 0.1 దగ్గర ఈ సిరీస్‌ని కంప్యూటర్‌లో కూడి చూడండి. మధ్యలో 10⁴² అంత పదాలు వచ్చి, అవన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుని 10⁻⁴⁴ మిగలాలి. మామూలు పైథాన్ సంఖ్యలు పదహారు అంకెల కచ్చితత్వంతో ఈ పని చేయలేవు, ఏదో చెత్త వస్తుంది. సూత్రం తప్పని కంగారుపడకండి.

ఆ లోరాన్ సిరీసే ఇంకో రహస్యం కూడా చెబుతోంది. x బదులు iy పెట్టండి. (iy)² = −y² కాబట్టి e^(−1/x²) కాస్తా e^(1/y²) అవుతుంది. y సున్నాకి వస్తుంటే అది అనంతానికి దూసుకుపోతుంది. రియల్ రేఖ మీద నుంచి వస్తే ఫంక్షన్ నిద్రపోతున్నట్టుంది, దానికి లంబంగా వస్తే అగ్నిపర్వతం. కాంప్లెక్స్ సంఖ్యల్లో చూస్తే 0 దగ్గర ఇది కంటిన్యువస్ కూడా కాదు. 1/(1+x²) సిరీస్ 1 దగ్గర ఎందుకు ఆగిపోతుందో ±i దగ్గర ఉన్న చిక్కు వివరిస్తుందని మీరు చదివే ఉంటారు. అక్కడ సిరీస్ ఆగిపోయి మనల్ని హెచ్చరిస్తుంది. ఇక్కడ చిక్కు సరిగ్గా కేంద్రంలోనే కూర్చుంది, పైగా సిరీస్ ఎక్కడా ఆగదు, హెచ్చరికా లేదు. నాకు ఈ ఫంక్షన్‌లో నచ్చనిదీ, నచ్చినదీ ఇదే.

కేంద్రాన్ని మార్చి 1 దగ్గర టేలర్ సిరీస్ రాస్తే ఏ గొడవా లేదు. 0 నుంచి 2 దాకా ఆ సిరీస్ f కి సమానమే. 3 దగ్గర రాస్తే 0 నుంచి 6 దాకా. ఎటు చూసినా 0 దాకా వచ్చి ఆగుతుంది. రోగం ఆ ఒక్క బిందువుదే.

మీకు మింగుడుపడనిది ఒకప్పుడు పెద్దవాళ్లకీ పడలేదు. 1797లో లాగ్రాంజ్ కాల్క్యులస్ మొత్తాన్నీ పవర్ సిరీస్‌ల మీదే కట్టాలని చూశాడు. ఆయన లెక్కలో ఫంక్షన్ అంటే సిరీస్, డెరివేటివ్‌లంటే దాని గుణకాలు. అవధుల గోల లేకుండా అంతా ఆల్జీబ్రాగా చేసేయవచ్చని ఆశ. 1823లో పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్ పాఠాల్లో కోషీ ఇదే e^(−1/x²) ని ముందు పెట్టాడు. రెండు వేర్వేరు ఫంక్షన్లకి ఒకే టేలర్ సిరీస్ ఉండొచ్చని తేలిపోయాక, సిరీస్‌నే ఫంక్షన్ అనుకోవడం కుదరదు. కావాలంటే e^x కి మన f ని కలపండి. e^x + f(x) టేలర్ సిరీస్ కూడా 1 + x + x²/2! + … యే, ఒక్క గుణకం మారదు. ఆ సిరీస్ చూసి "ఇది e^x" అంటే తప్పయ్యే అవకాశం ఉంది.

పరీక్షలో ఇది వస్తే మార్కులు పోయేది రెండు చోట్ల. f′(0) ని నిర్వచనం నుంచి కాకుండా సూత్రంలో 0 పెట్టి రాస్తే ఒకటి. "రేడియస్ అనంతం కాబట్టి సిరీస్ f కి సమానం" అని రాస్తే రెండోది, అది మొత్తం ప్రశ్ననే తలకిందులు చేస్తుంది. ఇండక్షన్ వాక్యంలో పాలినామియల్ కచ్చితంగా ఏమిటో రాయనక్కర్లేదు. "1/x లో ఏదో ఒక పాలినామియల్" అంటే చాలు, కానీ డిఫరెన్షియేట్ చేశాక అది మళ్లీ పాలినామియల్‌గానే ఉంటుందని ఒక లైనులో చూపించాలి. P(1/x)·e^(−1/x²) ని డిఫరెన్షియేట్ చేస్తే P′(1/x)·(−1/x²) + P(1/x)·(2/x³) వస్తుంది, వెనక e^(−1/x²) అలాగే ఉంటుంది. ఆ లైను అదే.

మీరు అడగలేదు గానీ, ఇది ఉత్త వింత బొమ్మ అనుకోకండి. x > 0 అయితే g(x) = e^(−1/x), x ≤ 0 అయితే g(x) = 0 అని పెట్టుకుని, g(x)/(g(x) + g(1−x)) అనే భాగాన్ని గీసి చూడండి. 0 దాకా సరిగ్గా 0, 1 దాటాక సరిగ్గా 1, మధ్యలో 0.5 దగ్గర సరిగ్గా సగం. ఎక్కడా మడత లేదు, ఎన్నిసార్లయినా డిఫరెన్షియేట్ చేయొచ్చు. ప్రతి చోటా తన టేలర్ సిరీస్‌కి సమానమయ్యే ఫంక్షన్ ఏదీ ఈ పని చేయలేదు. 0కి ఎడమవైపు అంతా సున్నాగా ఉంటే కుడివైపు కూడా సున్నాగానే ఉండిపోవాల్సి వస్తుంది దానికి. ఒకచోట ఒక ఫంక్షన్‌ని ఆపేసి ఇంకోచోట ఇంకోదాన్ని అతుకు కనిపించకుండా మొదలుపెట్టాలన్నప్పుడల్లా గణితంలో ఈ g యే పనికొస్తుంది. మీ పైథాన్‌లో పై లూప్‌నే కాస్త మార్చి గీయండి. x = 0.1 దగ్గర దాదాపు 0.00014, 0.25 దగ్గర 0.065 రావాలి. అలా రాకపోతే పై లూప్‌లోని x**2 ని x గా మార్చడం మరిచిపోయారేమో చూసుకోండి.